ఖాళీ గడిలో ఏం రాయమన్నారు?

పీఎంపీ లాంటి పరీక్షలకు చదివేవాళ్లు ప్రొక్యూర్‌మెంట్ పాఠం దగ్గరికి వచ్చేసరికి తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "దీనికి జవాబు ఆర్‌ఎఫ్‌పీ అన్నారు, ఐఎఫ్‌బీ ఎందుకు కాకూడదు సార్?" రిక్వెస్ట్ ఫర్ ప్రపోజల్, రిక్వెస్ట్ ఫర్ కొటేషన్, ఇన్విటేషన్ ఫర్ బిడ్... మూడింటి నిర్వచనాలూ వాళ్లకు కంఠతా వచ్చు. చిక్కేమిటంటే మూడూ కొనేవాళ్లు అమ్మేవాళ్లకు పంపే కాగితాలే, మూడింటిలోనూ ధర అడుగుతారు. అందుకే నిర్వచనం పక్కనపెట్టి, ఆ కాగితంలో ఏ గడి ఖాళీగా వదిలారో చూడమని చెబుతాను.

ఒక ట్రస్టు వంద పడకల ఆసుపత్రి కడుతోందనుకుందాం. రోగుల బంధువులు కూర్చోవడానికి స్టీలు బెంచీలు కావాలి. మూడు సీట్ల బెంచీ ఎలా ఉండాలో తెలుసు, బజార్లో దొరికేదే. ఎన్ని కొనాలో ఇంకా తేలలేదు. ట్రస్టు పంపే కాగితంలో ఖాళీ గడి ఒక్కటే: బెంచీ ఒక్కింటికి రేటెంత? ఇది ఆర్‌ఎఫ్‌క్యూ. ఎలక్ట్రీషియన్‌కు గంటకెంత, పైపు వేయడానికి మీటరుకెంత అని అడిగినా ఇదే.

తర్వాత ప్రహరీ గోడ. ఇంజనీరు డ్రాయింగులు ఇచ్చేశాడు. పునాది లోతు, గోడ ఎత్తు, ఏ సిమెంటు, ఎంత ఇనుము, ఎన్ని రోజుల్లో పూర్తి కావాలి... అన్నీ రాసి ఉన్నాయి. కాంట్రాక్టరు తన తెలివి చూపడానికి అందులో చోటు లేదు. మొత్తం పనికి ఒకే అంకె రాసి, కవరు సీలు చేసి ఇవ్వాలి. ఇది ఐఎఫ్‌బీ, మన ఊళ్లో సీల్డ్ టెండర్ అనేది.

మూడోది రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్. ఓపీ చీటీ నుంచి ల్యాబ్ రిపోర్టు వరకు అన్నీ ఒకచోట కనిపించాలని ట్రస్టుకు తెలుసు. అది ఎలా చేయాలో తెలియదు. ఇక్కడ ఖాళీగా వదిలిన గడి ధర ఒక్కటే కాదు, పద్ధతి కూడా. మీరెలా చేస్తారు, ఎవరితో చేయిస్తారు, ఎంతవుతుంది అని అడగాలి. అదే ఆర్‌ఎఫ్‌పీ.

పరీక్షల్లో ఎక్కువ మంది తడబడేది కూడా ఇక్కడే. పీఎంబీఓకే పాత ముద్రణలు ఈ గీతను స్పష్టంగా గీశాయి. ధర చూసి ఎంచుకుంటే బిడ్, టెండర్, కొటేషన్ అనే మాటలు వాడతారు. సాంకేతిక సామర్థ్యమో, పని చేసే పద్ధతో ముఖ్యమైతే ప్రపోజల్ అంటారు. అందుకని ప్రశ్నలో పని మొత్తం ఎంత పెద్దదో, ఎన్ని కోట్లదో చూసి మోసపోకండి. పూర్తి డిజైన్ చేతిలో ఉంటే వంద కోట్ల వంతెనకూ ఐఎఫ్‌బీ సరిపోతుంది. డిజైనే లేకపోతే ఐదు లక్షల పనికీ ఆర్‌ఎఫ్‌పీ కావాలి.

ఇక ప్రహరీ గోడ టెండర్లు తెరిచారు. నాలుగు వచ్చాయి. మొదటి కాంట్రాక్టరు 92 లక్షలు వేశాడు, కానీ ఈఎండీ కట్టలేదు. ఈఎండీ లేని టెండరు పరిశీలించబోమని కాగితంలోనే రాసి ఉంది. రెండో అతను 95 లక్షలు వేసి, కింద చిన్న అక్షరాలతో "ఇనుము ధర పెరిగితే తేడా ఇవ్వాలి" అని చేర్చాడు. మూడో అతనిది 96 లక్షలు, నాలుగో అతనిది 98. పని ఎవరికి?

చాలామంది 92 లక్షలు అంటారు. కాస్త జాగ్రత్త గలవాళ్లు 95 అంటారు. సరైన జవాబు 96 లక్షల అతను. ఐఎఫ్‌బీలో గెలిచేది కేవలం తక్కువ ధర కాదు. అడిగినదానికి తూచా తప్పకుండా ఒప్పుకున్నవాళ్లలో, పని చేయగల స్తోమత ఉన్నవాళ్లలో తక్కువ ధర. రెండో అతను ఇచ్చింది స్థిరమైన ధరే కాదు, షరతుతో కూడిన ధర. "ఆ షరతు తీసేయమని పిలిచి అడగొచ్చు కదా" అని ఒకమ్మాయి నన్ను అడిగింది. అడగకూడదు. మిగతావాళ్ల ధరలు అందరికీ తెలిసిపోయాక ఒక్కడికే దిద్దుకునే అవకాశం ఇస్తే, సీలు వేసిన కవరుకు అర్థం లేదు. ప్రశ్నలో "చర్చలు జరపాలి" అనే మాట కనిపిస్తే అది ఐఎఫ్‌బీ కాదని కొట్టేయవచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు ఇద్దరు మిగిలారు. మొదటి కంపెనీకి సాంకేతిక మార్కులు 90, ధర 60 లక్షలు. రెండోదానికి మార్కులు 78, ధర 45 లక్షలు. నాణ్యతకు 70, ధరకు 30 శాతం బరువు అని ఆర్‌ఎఫ్‌పీలో ముందే రాశారు. ధర మార్కులు లెక్కకట్టడం తేలిక. అన్నిటికన్నా తక్కువ ధరను ఎవరి ధరతో వారిది భాగించి వందతో హెచ్చిస్తాం. రెండో కంపెనీకి 100, మొదటిదానికి 75 వస్తాయి. బరువులు వేసి కలిపితే మొదటిదానికి 63, 22.5 కలిసి 85.5. రెండోదానికి 54.6, 30 కలిసి 84.6. పదిహేను లక్షలు ఎక్కువ అడిగిన కంపెనీయే గెలిచింది.

ఇప్పుడు బరువులు 60, 40గా మార్చి చూడండి. మొదటిదానికి 84, రెండోదానికి 86.8. ఫలితం తిరగబడింది! బరువులను కవర్లు తెరవకముందే కాగితంలో రాయాలని ఎందుకు పట్టుబడతారో ఈ లెక్క చెబుతుంది. తెరిచాక బరువు మార్చగలిగితే గెలిచేవాణ్ణి ముందే ఎంచుకోవచ్చు. మన కేంద్ర ప్రభుత్వ జీఎఫ్‌ఆర్ 2017 కూడా కన్సల్టెన్సీ ఎంపికలో నాణ్యత బరువు 80 శాతం దాటకూడదంటుంది.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. ఐఎఫ్‌బీ అనే మాట అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనల్లో స్థిరపడింది, అక్కడ అది సీల్డ్ బిడ్డింగ్‌కు వాడే కాగితం. ప్రపంచ బ్యాంకు 2016లో తెచ్చిన పద్ధతిలో ఇలాంటి పనికి రిక్వెస్ట్ ఫర్ బిడ్స్ అంటారు. మీది ఏ పరీక్షో చూసి ఆ మాటే వాడండి.

ఆర్‌ఎఫ్‌క్యూ చిన్నదని తేలిగ్గా చూడకండి, అమెరికా నిబంధనల మీద ప్రశ్నలుండే పరీక్షల్లో దీని మీద మెలిక వస్తుంది. సీలు వేసిన బిడ్ ఒక ఆఫర్, దాన్ని అంగీకరించి పని అప్పగిస్తే ఒప్పందం పుడుతుంది. కొటేషన్ మాత్రం ఆఫర్ కాదు, ధర తెలియజేయడమే. కొటేషన్ చూసి ప్రభుత్వం పంపే పర్చేజ్ ఆర్డరే అక్కడ ఆఫర్. అమ్మేవాడు దాన్ని ఒప్పుకుంటున్నానని, వీలైతే రాతపూర్వకంగా, తెలియజేయాలి, లేదా సరుకు సరఫరా చేయాలి, లేదా పనిని గణనీయమైన మేర పూర్తి చేయాలి. అందాకా ఒప్పందం లేదు. కాబట్టి "కొటేషన్ వచ్చింది, ఆర్డర్ పంపారు, అమ్మేవాడు సరఫరా చేయనన్నాడు, ఒప్పందం ఉల్లంఘించినట్టేనా?" అని అడిగితే, జవాబు "కాదు".