ఏడు బొమ్మలు, మూడు బొరుసులు

ఒక నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే 7 బొమ్మలు, 3 బొరుసులు పడ్డాయి. బొమ్మ పడే అవకాశం p ఎంతనుకోవాలి? సరిగ్గా ఈ వరుసే వచ్చే సంభావ్యత p⁷(1−p)³. p విలువ 0.5 అయితే అది పదివేలలో సుమారు 10, 0.8 అయితే 17, 0.7 అయితే 22. అంతకు మించింది మరెక్కడా రాదు. చూసిన ఫలితాలకు అత్యధిక సంభావ్యత ఇచ్చే p నే ఎంచుకోవాలన్న ఈ పద్ధతిని రోనాల్డ్ ఫిషర్ 1922 నాటి వ్యాసంలో ‘మాగ్జిమమ్ లైక్లీహుడ్’ పేరుతో వివరించాడు.

ఫలితాలు వేలల్లో ఉంటే ఈ లబ్ధం కంప్యూటర్ సున్నాగా తీసుకునేంత చిన్నదైపోతుంది. అందుకే లాగరిథం తీసుకుంటారు. గుణకారం కూడికవుతుంది, గరిష్ఠం మాత్రం అదే p దగ్గర ఉంటుంది. ముందు మైనస్ గుర్తు పెడితే −7 log p − 3 log(1−p) వస్తుంది. ఇప్పుడు దీన్ని వీలైనంత తగ్గించాలి. మెయిల్ స్పామా కాదా అని తేల్చే మోడల్ శిక్షణలో వాడే క్రాస్ ఎంట్రోపీ లాస్ ఇదే. కాకపోతే అక్కడ ఒక్కో మెయిల్‌కు ఒక్కో p. ఇంటి ధర లాంటి అంకెల అంచనాలో, తప్పులు ఒకే విస్తృతి గల నార్మల్ పంపిణీలో ఉంటాయనుకుంటే, ఇదే దారిలో వర్గ దోషం వస్తుంది.

డేటా తక్కువైతే మాత్రం జాగ్రత్త. మూడుసార్లే ఎగరేసి మూడూ బొమ్మలే పడితే ఈ పద్ధతి p = 1 అంటుంది. నాలుగోసారి బొరుసు పడిందా, లాస్ అనంతమవుతుంది.