వినికిడి వయసు

కాక్లియర్ ఇంప్లాంట్ చెవిని బాగుచేయదు. చెవిలో పనిచేయని భాగాన్ని దాటుకుని, శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణ నాడికి నేరుగా అందిస్తుంది. ఈ తేడాను శస్త్రచికిత్సకు ముందే విడమరచి చెప్పకపోవడం వల్లనే, కుట్లు విప్పిన రోజు నుంచి బిడ్డ మాట్లాడుతుందని ఎదురుచూసిన తల్లిదండ్రులు ఆరు నెలలు తిరిగేసరికి కుంగిపోతున్నారు.

లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టాన్ని కాక్లియా అంటారు. దానిలోని రోమకణాలు శబ్ద కంపనాలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి; మొదట్లో ఉన్న కణాలు కీచు శబ్దాలను, కొసన ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. పుట్టుకతో వినపడని పిల్లల్లో ఎక్కువ మందికి దెబ్బతినేవి ఈ కణాలే తప్ప నాడి కాదు. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ మైకుతో శబ్దాన్ని గ్రహించి, హెచ్చు తగ్గు స్థాయులుగా విడదీసి, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్ ద్వారా చర్మం కింద ఉన్న రిసీవరుకు పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలోకి దూర్చిన సన్నని తీగపై, తయారీని బట్టి 12 నుంచి 22 వరకు ఉండే ఎలక్ట్రోడులు ఒక్కొక్కటీ తన చోట నాడిని ప్రేరేపిస్తాయి. సహజమైన చెవిలో సుమారు 3,500 లోపలి రోమకణాలు చేసే పని ఇన్ని కొద్ది బిందువులతో జరగవలసి ఉన్నందున, మాట అందినంత బాగా సంగీతంలోని శ్రుతి అందదు.

ఎవరికి అమర్చాలన్నది ఒక్క పరీక్షతో తేలదు. నిద్రపుచ్చి చేసే బెరా పరీక్షలో, అంటే శబ్దానికి నాడి, మెదడు కాండం ఇచ్చే స్పందనను తలపై అంటించిన తీగలతో కొలిచే పరీక్షలో, రెండు చెవులకూ 90 డెసిబెల్స్ వద్ద కూడా స్పందన లేకపోతే తీవ్రమైన లోపం ఉన్నట్లు భావిస్తారు; ఆ తరువాత శక్తిమంతమైన వినికిడి యంత్రాన్ని కొన్ని నెలలు వాడించి, మాట గ్రహించేంత ప్రయోజనం లేదని తేలాకే ఇంప్లాంటు ఆలోచన చేస్తారు. అయితే మెదడు పొరల వాపు వల్ల చెవుడు వచ్చిన బిడ్డ విషయంలో ఈ నిరీక్షణ ప్రమాదకరం, ఎందుకంటే కాక్లియా లోపల ఎముక పెరిగి ఎలక్ట్రోడుకు దారి మూసుకుపోవచ్చు. ఎం.ఆర్‌.ఐ. స్కానులో శ్రవణ నాడే లేదని తేలితే, సంకేతాన్ని మోసుకువెళ్లేది లేదు కనుక ఈ పరికరం ఉపయోగపడదు.

రెండేళ్ల వయసులో శస్త్రచికిత్స జరిగిన ఒక పాపను ఊహించుకుంటే తరువాతి దారి స్పష్టమవుతుంది. గాయం మానాక, సుమారు మూడు వారాలకు యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేస్తారు. ఆ క్షణంలో పాప ఉలిక్కిపడి ఏడవవచ్చు, ఏమీ పట్టనట్లు ఆడుకుంటూ ఉండిపోనూవచ్చు, రెండూ సహజమే. ఆడియాలజిస్టు ఒక్కో ఎలక్ట్రోడుకు వినపడే అతి తక్కువ కరెంటును, ఇబ్బంది కలగని గరిష్ఠ కరెంటును నిర్ణయించడాన్ని మ్యాపింగ్ అంటారు. దీన్ని మొదటి నెలల్లో పలుమార్లు సరిచేయవలసి ఉంటుంది. ఆన్ చేసిన రోజున పాపకు రెండేళ్లయినా ఆమె వినికిడి వయసు సున్నా. కాబట్టి మూడో పుట్టినరోజు దాటాక, ఏడాది బిడ్డలా ఒకటి రెండు మాటలు పలకడం వెనుకబాటు కాదు, పురోగతి. ఆ ఏడాదంతా చికిత్స జరిగేది ప్రధానంగా ఇంట్లోనే: కుక్కరు కూత వేయగానే తల్లి చెవి చూపించి, "విన్నావా? కుక్కరు!" అని, పాప చూపు అటు తిరిగేదాకా ఆగి, మళ్లీ అదే మాట చెప్పాలి.

రోజూ ఉదయం "ఆ, ఊ, ఈ, మ్, ష్, స్" అనే ఆరు ధ్వనులను పాప వెనుక నుంచి పలికి, ప్రతి ధ్వనికీ ఒక బొమ్మను బుట్టలో వేయించడం చిన్న పరీక్ష. నిన్నటిదాకా విన్న "స్" ఈరోజు వినపడకపోతే ముందు బ్యాటరీ, కాయిల్ తీగ, మైకు మూత చూడాలి. అవి సరిగా ఉండీ మార్పు రాకపోతే మ్యాప్ చూపించుకోవాలి. ఈ పరీక్ష చేయని ఇళ్లలో యంత్రం పాడైన సంగతి బయటపడేది పాప మాట తగ్గాకనే.

తెలుగుకు ఒక వీలుంది. "పడు", "పాడు" మధ్య తేడా ప్రధానంగా అచ్చు నిడివిలో, "గడి", "గడ్డి" మధ్య తేడా హల్లు నిలుపులో ఉంది; కాలానికి సంబంధించిన ఇలాంటి సూచనలను ఇంప్లాంటు బాగానే చేరవేస్తుంది. "పాట", "పాత" వంటి జంటల్లో మాత్రం తేడా నాలుక తాకే చోటును బట్టి మారే సూక్ష్మ స్వరభేదం కనుక, దాన్ని పట్టడానికి ఎక్కువ అభ్యాసం కావాలి.

బాగా మాట్లాడే పిల్లలు కూడా తరగతి గది గోలలో, దూరం నుంచి వచ్చే మాటలో తడబడతారు. పుట్టుకతో వినపడక, మాట నేర్వకుండానే పదిహేనేళ్లు దాటినవారికి ఇదే పరికరం అమర్చితే శబ్దాల ఉనికి తెలుస్తుంది గానీ మాటను విని అర్థం చేసుకోవడం చాలామందికి సాధ్యపడదు, ఎందుకంటే వినడానికి ఉద్దేశించిన మెదడు భాగం ఆ సరికే చూపు, స్పర్శ వంటి ఇతర పనులకు మళ్లిపోయి ఉంటుంది. అదే వయసులో, ఒకప్పుడు విని మాట్లాడి ఆ తరువాత వినికిడి కోల్పోయిన వ్యక్తికి కొన్ని నెలల్లోనే ఫోనులో మాట అందవచ్చు.