సెలవులో ఉన్నప్పుడు ఎవరిని అడగాలి, ఏది ఆగుతుంది

సెలవు మీద వెళ్లే ఉద్యోగి రాయాల్సిన మెయిళ్లు రెండు. తన పని చూడబోయే సహోద్యోగికి రాసే అప్పగింత మెయిల్ మొదటిది. ఆఫీసుల్లో దీన్నే హ్యాండోవర్ అంటారు. సెలవు రోజుల్లో ఎవరు మెయిల్ పెట్టినా దానంతట అదే వెళ్లే జవాబు, అంటే అవుట్ ఆఫ్ ఆఫీస్ రిప్లై, రెండోది. చాలామంది ఈ రెండోదాన్ని మాత్రమే, అదీ బస్సెక్కే హడావుడిలో రాస్తారు. అప్పటికి ఏ పని ఎవరు చూస్తారో తేలి ఉండదు కాబట్టి ఆ జవాబులో ‘సెలవులో ఉన్నాను’ అన్న మాట తప్ప మరేమీ ఉండదు. ముందు అప్పగింత జరగాలి. అందులో తేలిన విషయమే క్లుప్తంగా జవాబులోకి రావాలి.

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. అందులో అకౌంటెంట్ సంక్రాంతికి జనవరి 13 నుంచి 17 వరకు సెలవు పెట్టి, 18న తిరిగి పనిలోకి వస్తాడు. ఈ అయిదు రోజుల్లో అతని బల్ల మీదికి వచ్చే పనుల్లో ముఖ్యమైనవి నాలుగు. డిసెంబరు జీతాల మీద పీఎఫ్, ఈఎస్ఐ సొమ్ము కట్టడానికి గడువు జనవరి 15. నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీకి గడువు 20. సరుకు లారీకెక్కినప్పుడల్లా ఈ-వే బిల్లు తీయాలి. సరఫరాదారులకు చెల్లింపులు ఎలాగూ ఉంటాయి.

వీటిలో ఏది ఆగుతుందో, ఏది ఆగదో విడదీసి చెప్పడమే అప్పగింతలో అసలు పని. ఆ తీర్పు వెళ్లేవాడే ఇవ్వాలి. వెనక ఉండే మనిషికి ఆ పనుల లోతు తెలియదు కాబట్టి అన్నీ అర్జంటుగానే కనిపిస్తాయి. ఏదీ వదల్లేక ప్రతిదానికీ ఊళ్లో ఉన్నవాడికి ఫోన్ చేస్తాడు, లేదా నిజంగా ఆగనిదాన్ని పక్కన పెట్టేస్తాడు.

పీఎఫ్ సొమ్ము ఆగదు. గడువు దాటితే వడ్డీ, దానిమీద నష్టపరిహారం పడతాయి. అందుకే దాన్ని అప్పగించడం కంటే 12వ తేదీలోపే కట్టేసి వెళ్లడం మంచిది. యజమాని ఊళ్లో లేక బ్యాంకులో ఆమోదం మిగిలిపోతే, అంతవరకే అప్పగించాలి. ‘పీఎఫ్ చూసుకోండి’ అని రాస్తే ఎక్కడిదాకా అయిందో తెలియదు. ‘చలానా తయారైంది, నెట్ బ్యాంకింగ్‌లో పేమెంట్ ఎక్కించాను, యజమాని 14 సాయంత్రంలోగా ఆమోదించాలి. 15 ఉదయం పీఎఫ్ పోర్టల్‌లో ఈ చలానా నంబరు కొట్టి, చెల్లింపు పడినట్టు చూపిస్తోందో లేదో చూడండి’ అని రాస్తే, పని ఎక్కడ ఆగిందో, అది పూర్తయిందని ఎలా తెలుస్తుందో రెండూ అందులో ఉంటాయి.

3బీ రిటర్ను ఆగుతుంది. అయితే ఎప్పటివరకు ఆగుతుందో రాయకపోతే ఆ మాట సగమే. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను వివరాలు చూపే 2బీ స్టేట్‌మెంట్ 14వ తేదీన వస్తుంది. దాన్ని పుస్తకాలతో సరిచూడటానికి 18, 19 తేదీలు చాలు. కానీ పండగ రద్దీలో తిరుగు ప్రయాణం ఒక రోజు వెనక్కి జరగవచ్చు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను ఉంటే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడతాయి. కనుక ‘దీన్ని ముట్టుకోవద్దు, నేను చేస్తాను. 19 మధ్యాహ్నానికి నేను రాకపోతే ఆడిటర్ ఆఫీసుకు చెప్పండి, వాళ్లతో మాట్లాడి ఉంచాను’ అని రాయాలి.

ఈ-వే బిల్లు సంగతి వేరు. సాధారణంగా సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే అది లేకుండా లారీ కదలకూడదు. ఇక్కడ పేరుకు మాత్రమే ప్రత్యామ్నాయం ఉండే ప్రమాదం ఎక్కువ. డిస్పాచ్ గుమస్తా చూస్తాడని మెయిల్‌లో రాస్తారు, తీరా లాగిన్ చేయబోతే ఓటీపీ సెలవులో ఉన్న మనిషి ఫోన్‌కు వెళ్తుంది. పాస్‌వర్డును మెయిల్‌లో రాసి పంపడం దీనికి పరిష్కారం కాదు. ఆ పోర్టల్‌లో సబ్-యూజర్ సౌకర్యం ఉంది. గుమస్తా పేరున విడిగా లాగిన్ తీసి, వెళ్లే ముందు రోజు అతని చేతే ఒక బిల్లు తీయించి చూడాలి. బ్యాంకు పనులకూ ఇదే వర్తిస్తుంది. ఎక్కించే హక్కు, ఆమోదించే హక్కు ఎవరికున్నాయో చూడకుండా పేరు రాయకూడదు.

పండగ సెలవుల్లో మరో చిక్కు తరచూ వస్తుంది. అకౌంటెంట్ జవాబులో గుమస్తా పేరుంటుంది, ఆ గుమస్తాకు రాస్తే అతని జవాబులో అకౌంటెంట్ పేరుంటుంది. రాసినవాడు ఇద్దరి మధ్యా తిరుగుతాడు. సంక్రాంతికి ఎవరెవరు ఊరు వెళ్తున్నారో కనుక్కుని, ఆ మనిషిని ముందుగా అడిగి, ఒప్పుకున్నాకే పేరు పెట్టాలి. పనిని బట్టి ఇద్దరి పేర్లు ఇచ్చినా తప్పులేదు, కానీ ఒక్క పనికి ఒక్కరే ఉండాలి. ఇద్దరికి చెప్పిన పని ఎవరూ చేయరు.

ఇవన్నీ తేలాక ఆటోమేటిక్ జవాబుకు అయిదు వాక్యాలు చాలు.

‘జనవరి 13 నుంచి 17 వరకు సెలవులో ఉన్నాను, 18న ఆఫీసుకు వస్తాను. సరుకు పంపకం, ఈ-వే బిల్లుల కోసం డిస్పాచ్ డెస్కుకు ఆఫీసు నంబరులో ఫోన్ చేయండి. ఈ వారం గడువున్న చెల్లింపుల కోసం యజమాని కార్యాలయానికి రాయండి. లెడ్జరు సరిచూపులు, పాత బిల్లుల సందేహాలు 18 తర్వాత చూస్తాను. బ్యాంకు ఖాతా మార్పుల అభ్యర్థనలేవీ ఈ రోజుల్లో స్వీకరించబడవు.’

చివరి వాక్యం లాంఛనం కాదు. అకౌంట్స్ మనిషి లేని రోజులు చూసుకుని, సరఫరాదారు పేరుతో ‘మా ఖాతా నంబరు మారింది’ అని మెయిల్ పెట్టి డబ్బు మళ్లించుకోవడం పాత మోసమే. పద్ధతి తెలియని ప్రత్యామ్నాయ ఉద్యోగి మీదే వాళ్ల గురి. అలాంటి అభ్యర్థన ఎంత తొందరపెట్టినా ఆగేదే. అప్పగింత మెయిల్‌లోనూ ఈ మాట ఉండాలి. ఏ ఊరు వెళ్తున్నారో, సహోద్యోగి సొంత మొబైల్ నంబరు ఏమిటో బయటివాళ్లకు వెళ్లే జవాబులో ఉండకూడదు.

‘అర్జంటైతే ఫోన్ చేయండి’ అన్న మాట దాదాపు పనికిరాదు. రాసిన ప్రతివాడికీ తన పని అర్జంటే. ఫోన్ చేయదగ్గ సందర్భాన్ని అప్పగింత మెయిల్‌లో సహోద్యోగికి మాత్రం చెప్పాలి: ‘14 రాత్రికి పీఎఫ్ చెల్లింపు ఆమోదం కాకపోతే నాకు ఫోన్ చేయండి, మిగతా వాటికి అక్కర్లేదు.’

జీమెయిల్‌లో ఈ జవాబు పెట్టే చోటు See all settings లోపల General కింద, Vacation responder అని ఉంటుంది. First day, Last day రెండూ నింపాలి. చివరి రోజు 17 అని పెడితే ఆ రాత్రితో అదే ఆగిపోతుంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే, మనిషి పనిలోకి వచ్చాక కూడా సెలవు జవాబులు వెళ్తూనే ఉంటాయి. ఒకే మనిషి మళ్లీ మళ్లీ రాసినా జీమెయిల్ నాలుగు రోజులకు ఒక్కసారే జవాబిస్తుంది. అవుట్‌లుక్‌లో సంస్థ లోపలివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు మరొకటి రాసే వీలుంది. లోపలివాళ్లకు ఇచ్చే వివరం బయటికి వెళ్లకుండా ఈ రెండు పెట్టెలనూ వేర్వేరుగానే నింపడం మేలు.

తిరిగి వచ్చిన రోజున అప్పగింత వెనక్కి జరగాలి. పని చూసిన సహోద్యోగి ఏది పూర్తయింది, ఏది పక్కన పెట్టాడు అన్నది నాలుగు ముక్కల్లో రాసిస్తాడు. అందులో తరచూ జారిపోయేది అతను ఇచ్చిన మాట. ‘సోమవారం డబ్బు వేస్తారు’ అని ఒక సరఫరాదారుకు ఫోన్‌లో చెప్పి ఉంటే, అది ఏ మెయిల్‌లోనూ కనిపించదు. అందుకే సెలవు నుంచి వచ్చినవాడు ముందుగా అడగాల్సింది తన తరఫున ఎవరికి ఏం చెప్పారన్నదే.