‘వ్యాసం చూడండి సార్’ అంటే చాలదు

సివిల్స్ మెయిన్స్ వ్యాసం పేపర్లో 3 గంటల్లో రెండు వ్యాసాలు రాయాలి. ఒక్కోటి వెయ్యి నుంచి పన్నెండు వందల పదాలు. అంత పొడవులో పేరాలు ఒకదానికొకటి అతకకపోతే దిద్దేవారికి వెంటనే తెలిసిపోతుంది. సాధన వ్యాసాన్ని మాస్టారికి పంపేటప్పుడు ‘ఎలా ఉందో చెప్పండి’ అని మెయిల్ పెడితే, ‘బాగుంది, ఇంకా రాయండి’ అనే జవాబే వస్తుంది. తప్పు ఆయనది కాదు.

ముందు ఒక పని చేయండి. ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే వరసగా చదవండి. కథ ఎక్కడ తెగిందో అక్కడే అతుకు లేదు. ఆ చోటే మెయిల్లో రాయండి:

“నమస్కారం సార్. భూగర్భ జలాలపై వ్యాసం జతచేశాను. మూడో పేరా బోర్లు ఎండడంతో ముగిసింది. నాలుగోది ‘ఉచిత విద్యుత్ రైతుకు మేలు చేసింది’ అని మొదలైంది. మధ్యలో ‘మరోవైపు’ చేర్చినా అతకలేదు. ‘బోర్లు ఇంత లోతుకు పోవడానికి కరెంటు బిల్లు లేకపోవడమూ ఒక కారణమే’ అని మార్చాను. ఇది సరిపోతుందా, పేరాల వరసే మార్చాలా? వీలున్నప్పుడు ఈ రెండు పేరాలు చూస్తే చాలు.”

‘మరోవైపు’ ఎందుకు పనిచేయలేదు? అది మలుపు చూపిస్తుంది గానీ కారణం చెప్పదు. కొత్త వాక్యం పై పేరాలోని బోరునే పట్టుకుని కిందికి దిగింది. ఒక్కోసారి ఏ వాక్యమూ అతకదు. అప్పుడు పేరానే తప్పు చోట ఉన్నట్టు. అది మాస్టారే చెప్పాలి.

వ్యాసం జతచేశారో లేదో చూసుకున్నాకే పంపండి.