విడదీసినా తమవాళ్లను వెతుక్కునే కణాలు

1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచర పిండాల నుంచి చర్మం కాబోయే కణాలనూ, నాడీమండలం కాబోయే కణాలనూ క్షార ద్రావణంలో విడదీసి కలగలిపేశారు. అవి మొదట ఒకే ముద్దయ్యాయి. తర్వాత వాటంతటవే వేరుపడ్డాయి: చర్మకణాలు బయటికి, నాడీకణాలు లోపలికి. అచ్చం పిండంలో ఉండే అమరికే!

ఎలా? కణాల ఉపరితలం మీద కాడ్‌హెరిన్లనే ప్రొటీన్లుంటాయి. ఇవి పక్క కణం మీద ఉన్న తమ రకాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. కాల్షియం లేకపోతే ఆ పట్టు సడలిపోతుంది.

పిండం వీపు వైపు నాడీనాళం ముడుచుకునేటప్పుడు అక్కడి కణాలు ఇ-కాడ్‌హెరిన్ తగ్గించి ఎన్-కాడ్‌హెరిన్ తయారుచేస్తాయి. నాళం చర్మం నుంచి విడివడటానికి ఈ మార్పు తోడ్పడుతుంది. కప్ప పిండంలో చర్మకణాల చేత కూడా ఎన్-కాడ్‌హెరిన్ చేయిస్తే నాళం సరిగా విడిపోదు.

రకమొక్కటే కాదు, మోతాదూ ముఖ్యమే. ఒకే కాడ్‌హెరిన్ ఎక్కువగా ఉన్న కణాలు నడిమికి చేరితే, తక్కువున్నవి వాటి చుట్టూ పరుచుకుంటాయి.