మీరు వద్దన్నా మీ కంపెనీని అమ్మించగల క్లాజు

షేర్‌హోల్డర్ల ఒప్పందం చేతికి రాగానే ఫౌండర్లు వాల్యుయేషన్ ఎంతో చూస్తారు. నా మాటగా చెబుతున్నాను, ముందు డ్రాగ్ అలాంగ్ క్లాజు చదవండి. అందులో రాసినంత వాటా ఉన్నవాళ్లు కంపెనీని అమ్మాలనుకుంటే, మిగతావాళ్లూ తమ షేర్లు ఇచ్చేయాల్సిందే. కొనే సంస్థకు సాధారణంగా నూటికి నూరు శాతం కావాలి. రెండు శాతం ఉన్న ఒక్కరు మొండికేసినా బేరం ఆగిపోతుంది. అందుకే ఈ క్లాజును ఇన్వెస్టర్లు అంత తేలిగ్గా వదులుకోరు. బేరమాడాల్సింది దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ధరకు వాడొచ్చన్న దాని మీద.

ఒక లెక్క చూద్దాం. ముగ్గురు ఫౌండర్లు, ఒక ఇన్వెస్టర్, తలా 25 శాతం. ఇన్వెస్టర్ పెట్టింది 10 కోట్లు. కంపెనీ అమ్ముడైతే ఆయన ఆ 10 కోట్లు ముందుగా తీసుకోవచ్చు, లేదా తన 25 శాతం వాటా తీసుకోవచ్చు. దీన్నే లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటారు. అయిదేళ్లు దాటాక ఆయన ఒక్కరే డ్రాగ్ చేయొచ్చని ఒప్పందంలో ఉంది. ఆరో ఏట ఎవరో 13 కోట్లు ఇస్తామన్నారు. ఇన్వెస్టర్ 10 కోట్లు తీసుకుంటారు, ఫౌండర్లకు తలా కోటి మిగులుతుంది. వాటా ప్రకారం చూస్తే ఒక్కొక్కరికి 3 కోట్ల 25 లక్షలు రావాలి. ధర 40 కోట్లు దాటేదాకా ఆయన పర్సెంటేజీ వైపు చూడరు. తన అసలు చేతికొస్తే చాలనుకునే రోజున ఆయనకు తక్కువ ధర కూడా సరిపోతుంది.

అందుకని ఒప్పందంలో కనీస ధర రాయించుకోండి. ఫౌండర్లలో మెజారిటీ సమ్మతి కూడా ఉండాలనండి. కొన్నవాళ్లు తర్వాత నష్టపరిహారం అడిగితే, ఎవరి బాధ్యతైనా వాళ్లకు ముట్టిన సొమ్మును దాటకూడదన్న షరతు కూడా పెట్టించండి.

ట్యాగ్ అలాంగ్ దీనికి ఎదురు దిక్కు. పై కంపెనీలోనే ఒక ఫౌండర్ బయటివాళ్లకు 10 శాతం అమ్మబోతే, ఇన్వెస్టర్ ‘నావీ కొనమనండి’ అనొచ్చు. ఇద్దరి వాటాలూ సమానం కాబట్టి చెరో 5 శాతం అమ్ముడవుతుంది. ఇన్వెస్టర్ అమ్మి వెళ్లిపోయేటప్పుడు ఇదే హక్కు ఫౌండర్లకూ ఉందో లేదో చూసుకోండి. చాలా ముసాయిదాల్లో ఇది ఒకవైపే ఉంటుంది. ప్రీఎంప్షన్ వేరు. కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తే, వాటా తగ్గకుండా ముందుగా కొనుక్కునే అవకాశం అది. చేతిలో డబ్బు లేని ఫౌండర్‌కు ఆచరణలో దీనివల్ల ఒరిగేది తక్కువ.

సంతకాలతో పని పూర్తి కాదు. వి.బి. రంగరాజ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు, ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో లేని షేర్ల బదిలీ ఆంక్షలు కంపెనీని గానీ షేర్‌హోల్డర్లను గానీ కట్టడి చేయవని తేల్చింది. అది ప్రైవేట్ కంపెనీ కేసే. అందుకే ఈ క్లాజులన్నీ ప్రత్యేక తీర్మానంతో ఆర్టికల్స్‌లో చేర్చాలి, 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఎంజీటీ-14 ఫారం దాఖలు చేయాలి. డ్రాగ్‌కు మీరు సాధించుకున్న కనీస ధర షరతు ఆర్టికల్స్‌లోకి ఉన్నదున్నట్టు ఎక్కిందో లేదో, దాఖలు చేసే ముందే ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూసుకోండి.