రక్తం ఎక్కించిన వివరాలు: కేస్ షీట్ నుంచి పట్టికలోకి

రోగికి రక్తం ఎక్కించిన వివరాలు కేస్ షీట్‌లో వరుసగా రాసిన నర్సింగ్ నోట్స్ రూపంలో ఉంటాయి. వాటిని పట్టికగా మార్చేటప్పుడు ఒక్కో బ్యాగుకు ఒక్కో వరుస కేటాయిస్తారు. ‘రెండు బ్యాగులు ఎక్కించాం, రెండోదానికి చలి వచ్చింది’ అని ఒకే వరుసలో రాస్తే ఏ బ్యాగు ఎప్పుడు మొదలైందో తెలియదు.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. బి పాజిటివ్ గ్రూపు రోగికి రెండు బ్యాగుల ఎర్ర రక్తకణాలు రాశారు. రెండూ రాత్రి 10:10కి బ్లడ్ బ్యాంక్ నుంచి వార్డుకు వచ్చాయి. మొదటిది 10:35కి మొదలై 1:20కి అయిపోయింది. రెండోది 1:50కి పెట్టారు. 2:30కి రోగి చలితో వణికాడు, జ్వరం 98.4 నుంచి 100.8 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెరిగింది. నర్సు వెంటనే ఆపి, సెలైన్ పెట్టి, డాక్టరుకు చెప్పింది.

| బ్యాగు | గ్రూపు | వార్డుకు వచ్చింది | మొదలు | ఆగింది | రియాక్షన్ |
|---|---|---|---|---|---|
| 417 | బి పాజిటివ్ | 12వ తేదీ, 22:10 | 12వ తేదీ, 22:35 | 13వ తేదీ, 01:20 | గమనించారు, ఏమీ లేదు |
| 582 | ఓ పాజిటివ్ | 12వ తేదీ, 22:10 | 13వ తేదీ, 01:50 | 13వ తేదీ, 02:30 | చలి, జ్వరం 100.8 |

రెండో బ్యాగు గ్రూపు వేరుగా ఉండటం చూసి కంగారు పడనక్కర్లేదు. ఓ గ్రూపు ఎర్ర రక్తకణాలను బి వాళ్లకు ఇవ్వవచ్చు. అసలు చిక్కు సమయాల్లో ఉంది. బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చిన బ్యాగును అరగంటలోపు మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. మొదటి బ్యాగు ఇరవై అయిదు నిమిషాలకే మొదలైంది. రెండోది మూడు గంటల నలభై నిమిషాలు బయట ఆగింది. 2:10కే దాని గడువు ముగిసింది, అయినా ఎక్కుతూనే ఉంది. నోట్స్‌లో చెల్లాచెదురుగా ఉన్నంతసేపు కనిపించని ఈ ఆలస్యం, పక్కపక్క గడుల్లో పడగానే బయటపడింది. అందుకే అడిగినా అడగకపోయినా వార్డుకు వచ్చిన సమయానికి ఒక గడి ఉంచడం మేలు. అర్ధరాత్రి దాటిన చోట తేదీ కూడా కావాలి.

ఇక రియాక్షన్ గడి. నోట్స్‌లో ఆ మాటే లేకపోతే ‘నమోదు లేదు’ అని రాయాలి, ‘లేదు’ అని కాదు. చూసి ఏమీ లేదని రాయడం వేరు, చూశారో లేదో తెలియకపోవడం వేరు. కనిపించిన లక్షణాలనే ఎత్తిరాయాలి. ఈ జ్వరం మామూలు రియాక్షనో, బ్యాగులో బ్యాక్టీరియా పెరగడం వల్ల వచ్చిందో, రక్తకణాలు పగిలిపోవడమో పట్టిక చెప్పలేదు. మిగిలిన రక్తంతో బ్యాగును, రోగి రక్త నమూనాను బ్లడ్ బ్యాంక్‌కు పంపి పరీక్షిస్తేనే తేలుతుంది.

కొన్ని రియాక్షన్లు రోజుల తర్వాత వస్తాయి. వారం గడిచాక కామెర్లు కనిపిస్తే, హిమోగ్లోబిన్ పడిపోతే, ఆ తేదీతో కలిపి పాత వరుసకే చేరుస్తారు.